అమ్మిన రోజే రాసుకోవలసిన మరమ్మతు ఖర్చు

రెండేళ్ల వారంటీతో ఒక మిక్సీ అమ్ముడైతే, దానితోపాటే తయారీ కంపెనీ మీద ఒక బాకీ కూడా పడుతుంది. ఆ రెండేళ్లలో కప్లర్ అరిగితే మార్చి ఇవ్వాలి, మోటారు కాలితే బాగుచేసి ఇవ్వాలి. ఏ మిక్సీ పాడవుతుందో, ఎప్పుడు పాడవుతుందో, దానికి ఎంతవుతుందో అమ్మిన రోజున ఎవరూ చెప్పలేరు. కానీ లక్ష మిక్సీలు అమ్మితే వాటిలో కొన్ని వేలు సర్వీస్ సెంటర్ మెట్లెక్కడం మాత్రం ఖాయం. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ తెలియని సంగతి, మొత్తంగా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. వారంటీ లెక్కలన్నీ ఈ ఒక్క విషయం మీదే నిలబడ్డాయి.

ఆ ఖర్చును ఏ ఏడాది లెక్కలో రాయాలన్నది మొదటి ప్రశ్న. 2024 జనవరిలో అమ్మిన మిక్సీ మోటారు 2025 ఆగస్టులో కాలిందనుకుందాం. అమ్మకం ఆదాయం 2023-24 లెక్కల్లో చేరిపోయింది. మరమ్మతు డబ్బు చేతి నుంచి వెళ్లింది 2025-26లో. డబ్బు కట్టినప్పుడే ఖర్చు రాస్తే మొదటి ఏడాది లాభం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, ఆ భారమంతా దానితో సంబంధం లేని మరో ఏడాది మీద పడుతుంది. పైగా 2024 మార్చి 31న తయారైన ఆస్తి అప్పుల పట్టీలో, కంపెనీ మోస్తున్న ఒక నిజమైన అప్పు అసలు కనిపించదు. ఆ పట్టీ చూసి అప్పిచ్చే బ్యాంకుకు, షేరు కొనే మదుపరికి అది సగం సమాచారమే.

అందుకే మన దేశంలో అమల్లో ఉన్న అకౌంటింగ్ ప్రమాణాలు అమ్మకం జరిగిన ఏడాదిలోనే ఆ ఖర్చును అంచనా వేసి, ఏర్పాటు చేయమంటాయి. లెక్కల భాషలో దీన్నే ప్రొవిజన్ అంటారు. లిస్టెడ్ కంపెనీలూ ఇతర పెద్ద కంపెనీలూ ఇండ్ ఏఎస్ 37ను పాటిస్తే, మిగిలిన కంపెనీలు ఏఎస్ 29ను పాటిస్తాయి. రెండూ అడిగేవి మూడే. జరిగిపోయిన ఒక సంఘటన వల్ల ఈ రోజుకే బాధ్యత పుట్టి ఉండాలి. దాన్ని తీర్చడానికి డబ్బో వస్తువో కంపెనీ నుంచి బయటికి వెళ్లే అవకాశం, వెళ్లకపోయే అవకాశం కంటే ఎక్కువగా ఉండాలి. ఆ మొత్తాన్ని నమ్మదగినట్టు లెక్కగట్టగలగాలి.

వీటిలో చాలామంది తడబడేది మొదటిదాని దగ్గరే. బాధ్యత పుట్టింది మోటారు కాలినప్పుడు కదా అనిపిస్తుంది. కాదు, మిక్సీ అమ్మినప్పుడే పుట్టింది. అమ్మిన క్షణంతో కంపెనీ మాట ఇచ్చేసినట్టే. ఆ తర్వాత ఆ మాట నుంచి తప్పించుకునే దారి దానికి లేదు. మోటారు కాలడం ఆ బాధ్యత ఎంతన్నది తేల్చే సంఘటన మాత్రమే. వారంటీ కార్డులో లేని మాట కూడా కొన్నిసార్లు ఇలాగే కట్టిపడేస్తుంది. గడువు దాటిన నెల రెండు నెలల వరకు ఉచితంగానే బాగుచేసి ఇవ్వడం ఒక కంపెనీకి ఏళ్ల తరబడి అలవాటై, కొనేవాళ్లు కూడా దాన్నే ఆశిస్తుంటే, కార్డు మీద ఏం రాసి ఉన్నా ఆ ఖర్చునూ ప్రొవిజన్‌లో కలపాలి.

అంచనా ఎలా కడతారు

ఒక ఊహాజనిత కంపెనీని తీసుకుందాం. 2023-24లో అది ఒక్కొక్కటి 3,000 రూపాయల చొప్పున లక్ష మిక్సీలు అమ్మింది. మొత్తం అమ్మకం 30 కోట్లు, వారంటీ రెండేళ్లు. వెనకటి ఏళ్ల సర్వీస్ రికార్డులు తిరగేస్తే, అమ్మిన ప్రతి 100 మిక్సీల్లో 88 రెండేళ్లూ ఏ ఫిర్యాదూ లేకుండా గడిపాయి. 9 మిక్సీలు కప్లర్, స్విచ్, కార్బన్ బ్రష్ లాంటి చిన్న మరమ్మతులకు వచ్చాయి, ఒక్కోదానికి 200 రూపాయలైంది. 3 మిక్సీల్లో మోటారు వైండింగ్ కాలిపోయింది, ఒక్కోదానికి 1,400 అయింది.

అప్పుడు 100 మిక్సీలకు చిన్న మరమ్మతులు 1,800, పెద్దవి 4,200, మొత్తం 6,000 రూపాయలు. అంటే మిక్సీకి సగటున 60 రూపాయలు, అమ్మకం ధరలో 2 శాతం. లక్ష మిక్సీలకు 60 లక్షలు. ఇదే ఆ ఏడాది అమ్మకాలకు కట్టవలసిన వారంటీ ఖర్చు.

ఇక్కడ ఒక సందేహం రావాలి, వస్తే మంచిదే. ఏ ఒక్క మిక్సీని తీసుకున్నా అది పాడవకపోయే అవకాశమే 88 శాతం. ఖర్చయ్యే అవకాశం కాకపోయే అవకాశం కంటే ఎక్కువగా ఉంటేనే ప్రొవిజన్ అన్నప్పుడు, ఈ మిక్సీకి అసలు ప్రొవిజన్ ఎందుకు? విడివిడిగా ఈ పరీక్ష పెడితే లక్ష మిక్సీలకు లక్ష సున్నాలు వస్తాయి. అది తప్పని ఎవరికైనా తెలుస్తుంది. అందుకే ఒకే రకం బాధ్యతలు పెద్ద సంఖ్యలో ఉన్నప్పుడు వాటన్నిటినీ కలిపి ఒకే తరగతిగా చూడమని ఇండ్ ఏఎస్ 37 చెబుతుంది. లక్షలో కొన్నిటికైనా ఖర్చు తప్పదు కాబట్టి పరీక్ష నెగ్గుతుంది. ఎంతన్నది పైన చేసినట్టు ఒక్కో ఫలితాన్నీ దాని అవకాశంతో గుణించి కూడితే వస్తుంది. ఏడాదికి రెండు మూడు భారీ యంత్రాలు మాత్రమే అమ్మే కంపెనీకి ఈ సగటు పనికిరాదు. అది ఒక్కో ఒప్పందాన్నీ విడిగా, ఇంజనీర్ల నివేదికతో తూచుకోవాలి.

ఆ 200 రూపాయల్లో, 1,400 రూపాయల్లో ఏమేం కలిసి ఉన్నాయన్నది కూడా చూసుకోవాలి. విడిభాగాన్ని కంపెనీకి పడే ఖర్చు ప్రకారం వేయాలి, కౌంటర్లో అమ్మే ధర ప్రకారం కాదు. సర్వీస్ సెంటర్‌కు ఒక్కో పనికి ఇచ్చే కూలి, రానూపోనూ రవాణా ఖర్చు కలపాలి. మరమ్మతు కుదరక కొత్త మిక్సీ ఇచ్చేవాటికి దాని తయారీ ఖర్చు వేసి, వెనక్కి వచ్చిన పాతదానిలో పనికొచ్చే భాగాల విలువను తగ్గించుకోవచ్చు.

మొదటి ఏడాది చూపే తప్పుడు అంకె

60 లక్షలూ ఒకే ఏడాదిలో ఖర్చు కావు. అమ్మకాలు ఏడాది పొడవునా సమంగా జరిగాయని, మరమ్మతులు రెండేళ్ల వారంటీలో సమంగా వస్తాయని అనుకుందాం. ఏప్రిల్‌లో అమ్మిన మిక్సీకి మార్చి నాటికి దాదాపు 12 నెలల వారంటీ గడిచిపోతుంది, మార్చిలో అమ్మినదానికి కొద్ది రోజులే. సగటున 24 నెలల్లో 6 నెలలు గడిచినట్టు. కాబట్టి అమ్మిన ఏడాదిలో పావు వంతు, మరుసటి ఏడాది సగం, మూడో ఏడాది చివరి పావు వంతు ఖర్చవుతుంది. అంటే వరసగా 15, 30, 15 లక్షలు.

ఈ చిన్న లెక్కలో పెద్ద ప్రమాదం దాగి ఉంది. ఈ కంపెనీకి ఇదే మొదటి ఏడాది అయితే, మార్చి 31న లెక్కల గుమస్తా పుస్తకం తెరిచి చూసేసరికి 30 కోట్ల అమ్మకానికి వారంటీ ఖర్చు 15 లక్షలే ఉంటుంది. అది అర శాతం. ‘మన అనుభవం అర శాతమే’ అని రాసుకుంటే, అసలు అవసరంలో నాలుగో వంతే చూసుకున్నట్టు. అమ్మకాలు ఏటేటా పెరిగే కంపెనీలో ఈ పొరపాటు ఏళ్ల తరబడి బయటపడదు. ఈ ఏడాది వచ్చిన క్లెయిముల్లో చాలావరకు అమ్మకాలు తక్కువగా ఉన్న పాత ఏళ్లవి. భాగించేది మాత్రం పెరిగిపోయిన ఈ ఏడాది అమ్మకాలతో. కాబట్టి శాతం ఎప్పుడూ అసలు కంటే చిన్నదిగానే వస్తుంది. అమ్మకాలు పెరగడం ఆగిన ఏడాది ఒక్కసారిగా లోటు బయటపడుతుంది.

మందు ఒక్కటే. ఏ క్లెయిము ఏ అమ్మకానిదో విడదీయాలి. సర్వీస్ సెంటర్ పంపే ప్రతి జాబ్ కార్డు మీద సీరియల్ నంబరు, కొన్న తేదీ ఉంటాయి. వాటిని బట్టి 2021-22లో అమ్మినవాటికి మొదటి నెల నుంచి చివరి నెల వరకు ఎంత ఖర్చయిందో కూడుకుంటూ రావాలి. వారంటీ పూర్తిగా ముగిసిన ఏళ్ల అనుభవమే నమ్మదగ్గ అంకె. ఇంకా నడుస్తున్న ఏళ్లను అదే వయసులో పాత ఏళ్లు ఎలా నడిచాయో దానితో పోల్చాలి. ఆడిటర్ నిజంగా చూడాల్సిన కాగితం ఇదే. మేనేజర్ చెప్పే గుండు శాతం కాదు.

ఇంకో చిక్కు డీలర్ల దగ్గర ఉంది. కంపెనీ డీలర్‌కు సరుకు పంపిన రోజున ఆదాయం రాసుకుంటుంది. వారంటీ మాత్రం కస్టమర్ బిల్లు వేయించుకున్న రోజు నుంచి మొదలవుతుంది. దసరా, దీపావళికి పంపిన సరుకు సంక్రాంతి దాకా కొట్లోనే ఉంటే, ఆ మిక్సీల వారంటీ పుస్తకాల్లో ఉన్న తేదీ కంటే మూడు నెలలు ఆలస్యంగా ముగుస్తుంది. ఇది పట్టించుకోకుండా అమ్మకం తేదీ నుంచి 24 నెలలకే ప్రొవిజన్‌ను మూసేస్తే, చివరి క్లెయిములకు డబ్బు మిగలదు.

క్లెయిము వచ్చినప్పుడు

చిట్టా పద్దులు రెండే. అమ్మకాల మీద అంచనా ఖర్చు రాసే పద్దు:

వారంటీ ఖర్చు ఖాతా, డెబిట్: రూ. 60,00,000
వారంటీ ప్రొవిజన్ ఖాతా, క్రెడిట్: రూ. 60,00,000

ఏడాదిలో వచ్చిన 15 లక్షల క్లెయిములను తీర్చినప్పుడు, అందులో 9 లక్షల విడిభాగాలు స్టోరు నుంచి వెళ్లి, 6 లక్షలు సర్వీస్ సెంటర్లకు బ్యాంకు ద్వారా కట్టారనుకుంటే:

వారంటీ ప్రొవిజన్ ఖాతా, డెబిట్: రూ. 15,00,000
విడిభాగాల నిల్వ ఖాతా, క్రెడిట్: రూ. 9,00,000
బ్యాంకు ఖాతా, క్రెడిట్: రూ. 6,00,000

రెండో పద్దులో ఖర్చు ఖాతా ఎక్కడా లేదని గమనించాలి. మరమ్మతు చేసిన రోజున లాభం ఒక్క రూపాయి కూడా తగ్గదు, ఎందుకంటే అది అమ్మిన రోజే తగ్గింది. ఇప్పుడు జరిగింది అప్పు తీర్చడం మాత్రమే. మార్చి 31న ప్రొవిజన్‌లో 45 లక్షలు మిగులుతాయి. వచ్చే 12 నెలల్లో ఖర్చయ్యే 30 లక్షలను స్వల్పకాలిక బాధ్యతగా, ఆపై 15 లక్షలను దీర్ఘకాలిక బాధ్యతగా ఆస్తి అప్పుల పట్టీలో చూపుతారు. ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీ, కాలం వల్ల తేడా చెప్పుకోదగ్గంత ఉంటే, దూరంగా ఉన్న మొత్తాన్ని నేటి విలువకు తగ్గించి రాయాలి. ఏఎస్ 29 కింద వారంటీకి ఆ తగ్గింపు లేదు. రెండేళ్ల మిక్సీకి ఈ తేడా చిన్నదే. పదేళ్ల హామీ ఉన్న సౌర ఫలకాల లాంటివాటికి అది పెద్దదవుతుంది.

వాడుకలో తరచుగా జరిగే తప్పు ఒకటుంది. ప్రొవిజన్ కట్టేది హెడ్డాఫీసు అకౌంట్స్ విభాగం, సర్వీస్ సెంటర్ల బిల్లులు పాస్ చేసేది బ్రాంచి. బ్రాంచివాళ్లు బిల్లు రాగానే అలవాటు ప్రకారం ‘మరమ్మతుల ఖర్చు’ అని రాసేస్తారు. అప్పుడు ఒకే మరమ్మతు రెండుసార్లు ఖర్చుగా పడుతుంది, ప్రొవిజన్ మాత్రం తరగకుండా పేరుకుపోతుంది. కనిపెట్టడం తేలికే. ఆవర్జాలో వారంటీ ప్రొవిజన్ ఖాతా తీసి చూస్తే ఏడాదంతా డెబిట్ వైపు ఒక్క పద్దు కూడా ఉండదు. మార్చిలో చేసిన మరమ్మతుల బిల్లులు ఏప్రిల్‌లో చేరడం ఇంకో సంగతి. పని మార్చి 31కి ముందే అయిపోయింది కాబట్టి, బిల్లు రాకపోయినా ఆ మొత్తాన్ని ప్రొవిజన్‌లోంచి తీసి, సర్వీస్ సెంటర్లకు చెల్లించవలసిన బాకీగా చూపాలి.

అంచనా తప్పినప్పుడు

2024-25లో కంపెనీ 1,20,000 మిక్సీలు అమ్మింది. అదే 60 రూపాయల చొప్పున 72 లక్షలు కొత్తగా ప్రొవిజన్‌కు చేరింది. ఈ ఏడాది మిక్సీలకు వచ్చిన క్లెయిములు అనుకున్నట్టే 18 లక్షలు. నిరుటి మిక్సీలకు మాత్రం అనుకున్న 30 లక్షలకు బదులు 38 లక్షలైంది. సీరియల్ నంబర్లు చూస్తే, కాలిపోయిన మోటార్లలో ఎక్కువ భాగం ఒక్క నెలలో తయారైనవని తేలింది. ఆ నెలలో వచ్చిన రాగి తీగ మీద ఇన్సులేషన్ పూత నాసిగా ఉంది. ఆ మిక్సీలు ఇంకా కొన్ని వారంటీలో ఉన్నాయి కాబట్టి, మూడో ఏడాదికి మిగిల్చిన 15 లక్షలు కూడా చాలవు, 20 లక్షలు కావాలని ఇంజనీర్లు చెప్పారు.

అంటే ఇప్పటికే అయిన అదనం 8 లక్షలు, ఇకముందు అయ్యే అదనం 5 లక్షలు, మొత్తం 13 లక్షలు. దీన్ని నిరుటి లెక్కలు తిరగరాసి అక్కడ చేర్చకూడదు. నిరుడు అంచనా వేసినప్పుడు తెలిసిన సమాచారంతో అది సరైనదే. కొత్త సమాచారం ఈ ఏడాది వచ్చింది, భారమూ ఈ ఏడాదిదే. పాత లెక్క తిరగరాయడమన్నది నిరుడు చేతిలో ఉన్న సమాచారాన్ని వాడుకోకపోవడం లాంటి తప్పు జరిగినప్పుడే. ఏడాది చివర ఖాతా ఇలా ఉంటుంది:

తొలి నిల్వ: 45 లక్షలు
కొత్త అమ్మకాలకు చేర్చినది: 72 లక్షలు
అంచనా మారినందుకు చేర్చినది: 13 లక్షలు
వాడినది (38 + 18): 56 లక్షలు
తుది నిల్వ: 74 లక్షలు

సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. పాత మిక్సీలకు ఇంకా కావలసింది 20 లక్షలు, కొత్తవాటికి 72లో 18 పోగా 54 లక్షలు. రెండూ కలిపితే 74. ఈ రెండు దారులూ ఒకే అంకె దగ్గర కలవకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్టే. చాలా కంపెనీల్లో మొదటి దారిని మాత్రమే నడుస్తారు, అక్కడే లోటు దాక్కుంటుంది.

నాసి తీగ ఇచ్చిన సరఫరాదారు నుంచి డబ్బు రాబట్టవచ్చు కదా అంటే, రాబట్టవచ్చు. కానీ ఆ రాబడిని ఆస్తిగా రాయడానికి నియమం కఠినంగా ఉంటుంది. ‘ఇస్తాడేమో’ చాలదు, వస్తుందన్నది దాదాపు నిస్సందేహంగా ఉండాలి. సరఫరాదారు 10 లక్షలు ఇస్తానని రాతపూర్వకంగా ఒప్పుకుని, ఇచ్చే స్తోమత కూడా ఉంటే ఆ మొత్తాన్ని విడి ఆస్తిగా చూపవచ్చు. ప్రొవిజన్‌లోంచి తగ్గించి 64 లక్షలని మాత్రం చూపకూడదు. సరఫరాదారు ఇచ్చినా ఇవ్వకపోయినా కస్టమర్‌కు మిక్సీ బాగుచేసి ఇవ్వాల్సింది కంపెనీయే మరి.

అంచనా ఎంత దూరం తప్పగలదో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 గేమ్ యంత్రం చూపింది. యంత్రం ముందు భాగంలో మూడు ఎర్ర దీపాలు వెలిగి ఆగిపోవడం కొనుగోలుదారులకు మామూలైపోయింది. 2007 జూలై 5న మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని కొన్న తేదీ నుంచి మూడేళ్లకు పెంచుతున్నట్టు ప్రకటించింది. అంతకుముందు సొంత డబ్బుతో ఈ మరమ్మతు చేయించుకున్నవాళ్లకు ఆ డబ్బు తిరిగి ఇస్తామంది. దీనికోసం 105 కోట్ల నుంచి 115 కోట్ల డాలర్ల వరకు ఖర్చు రాస్తామని చెప్పింది. ప్రకటన జూలైలో వచ్చినా, ఆ ఖర్చును జూన్ 30తో ముగిసిన త్రైమాసికంలోనే వేసింది. అమ్మిన యంత్రాల్లో లోపం ఆ తేదీకి ముందే ఉంది, తర్వాత తేలింది దాని మొత్తం మాత్రమే.

తప్పు రెండో వైపూ జరుగుతుంది. 60 లక్షలు కట్టి, వారంటీ ముగిసేసరికి 50 లక్షలే ఖర్చయితే మిగిలిన 10 లక్షలను లాభనష్టాల ఖాతాకు తిరిగి వేయాలి. ‘ఎందుకైనా మంచిది’ అని ఉంచుకోవడం, దాంట్లోంచి వేరే ఖర్చు తీర్చడం రెండూ కుదరవు. ప్రొవిజన్ ఏ ఖర్చు కోసం పుట్టిందో ఆ ఖర్చుకే వాడాలి. లాభం బాగున్న ఏడాది ఎక్కువ ప్రొవిజన్ కట్టి, లాభం తగ్గిన ఏడాది దాన్ని వెనక్కి తెచ్చి లెక్కను నునుపు చేసే ప్రలోభం ఈ ఖాతా దగ్గర బలంగా ఉంటుంది. అంచనా అన్న మాట వెనుక దాక్కోవడం సులువు కాబట్టి. 2007లో డెల్ కంపెనీ సొంత విచారణ తర్వాత నాలుగేళ్లకు పైగా లెక్కలు తిరిగి సరిచేసినప్పుడు, మార్చిన వాటిలో వారంటీ బాధ్యతలూ ఉన్నాయి.

వార్షిక నివేదికలోని ప్రొవిజన్ల నోటు చదివే మదుపరికి ఇది పట్టుబడే చోటు ఒకటుంది. పైన చూపిన పట్టికలో వాడినదానికి ఒక వరస, వాడకుండా వెనక్కి వేసినదానికి వేరే వరస ఉండాలి. ఏటా చేర్చే మొత్తం పెద్దదై, ఏటా వెనక్కి వేసే మొత్తం కూడా పెద్దదైతే అంచనా కట్టేవాళ్ల దగ్గర సరైన రికార్డు లేదనుకోవాలి. అమ్మకాలు పెరుగుతూ, వాడకం పెరుగుతూ, తుది నిల్వ మాత్రం ఏటా అదే దగ్గర ఆగిపోతే అది ఇంకా పెద్ద అనుమానం.

డబ్బిచ్చి కొనే వారంటీ

ఇప్పటిదాకా చెప్పినదంతా వస్తువుతో వచ్చే మామూలు వారంటీ గురించి, అంటే ‘మేం అమ్మింది చెప్పినట్టే పనిచేస్తుంది’ అన్న హామీ. షోరూంలో 600 రూపాయలు అదనంగా కడితే మూడో ఏడాదికీ వారంటీ పొడిగిస్తామంటారు. అది హామీ కాదు, విడిగా అమ్మిన సేవ. దానికి ప్రొవిజన్ కట్టరు. ఇండ్ ఏఎస్ 115 ప్రకారం ఆ 600 రూపాయలు అమ్మిన రోజున ఆదాయమే కాదు, ఇంకా చేయని పనికి ముందే తీసుకున్న డబ్బు. రెండేళ్లూ అది బాధ్యతగానే ఉండి, మూడో ఏడాది నడుస్తున్న కొద్దీ నెలకు 50 రూపాయల చొప్పున ఆదాయమవుతుంది. ఆ ఏడాది మరమ్మతులకయ్యే ఖర్చును అయినప్పుడే రాస్తారు. విడి ధర లేకుండా ఉచితమని ఇచ్చినా, ఏటా వచ్చి శుభ్రం చేసి వెళ్లడం లాంటి సేవ అందులో ఉంటే, అమ్మకం ధరలోంచే ఆ సేవకు చెందే వాటాను విడదీయాలి.

ఆదాయపు పన్ను దగ్గర

పన్ను అధికారుల వాదన చాలాకాలం ఒక్కటే. ఇంకా ఎవరూ అడగని ఖర్చుకు మినహాయింపు ఎలా ఇస్తామని. ఆ వాదన సుప్రీంకోర్టు ముందు తేలింది చెన్నైకి చెందిన రోటార్క్ కంట్రోల్స్ ఇండియా కేసులో. ఆ కంపెనీ వాల్వులను తిప్పే యాక్చుయేటర్లు తయారుచేస్తుంది. 1991-92 అసెస్‌మెంట్ సంవత్సరానికి అమ్మకాల్లో 1.5 శాతం చొప్పున 10,18,800 రూపాయల వారంటీ ప్రొవిజన్ కట్టి, ఎక్కువైందని తేలిన 5,00,246 రూపాయలను వెనక్కి వేసి, మిగిలిన 5,18,554 రూపాయలకు మినహాయింపు అడిగింది. మద్రాస్ హైకోర్టు కాదంది.

2009 మే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కోర్టు మూడు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూసింది. ఖర్చయిన ఏడాదిలో రాయడం మొదటిది, కస్టమర్ అడిగినప్పుడు ప్రొవిజన్ కట్టడం రెండోది, వెనకటి అనుభవాన్ని బట్టి అమ్మకాల మీద శాతంగా కట్టడం మూడోది. మొదటి రెండూ ఆదాయంతో ఖర్చును జతచేయవని, మూడోదే సరైనదని చెప్పింది. అయితే ఆ శాతం పెద్ద సంఖ్యలో అమ్మిన వస్తువుల మీద, ఏళ్ల తరబడి నిలిచిన అనుభవం మీద, శాస్త్రీయంగా కట్టినదై ఉండాలి. వెనకటి లెక్కల్లో లోపాలు వస్తాయన్న ఆధారం లేకుండా ఊహించి కట్టినదానికి ఈ తీర్పు రక్షణ ఇవ్వదు.

2017-18 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలైన పన్ను లెక్కల ప్రమాణం, ఐసీడీఎస్ 10, ఒక మాట మార్చింది. అకౌంటింగ్ ప్రమాణాలు ఖర్చయ్యే అవకాశం ఎక్కువగా ఉంటే చాలంటే, ఇది సమంజసమైనంత నిశ్చయం ఉండాలంటుంది. లక్ష మిక్సీలు అమ్మి, వారంటీ ముగిసిన నాలుగైదేళ్ల క్లెయిముల పట్టిక చేతిలో ఉన్న కంపెనీకి ఈ మాట పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. నిన్న మొన్న మార్కెట్లోకి వచ్చి, సొంత అనుభవం లేక పోటీ కంపెనీ శాతాన్ని అరువు తెచ్చుకున్న తయారీదారు మాత్రం ఆ నిశ్చయం ఎక్కడి నుంచి వచ్చిందో పన్ను అధికారికి చూపించవలసి వస్తుంది.